అద్దె బాకీకి నోటీసు: నెలలు, లెక్క, ఆఖరు తేదీ

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాకు రెండంతస్తుల ఇల్లు ఉంది, నాన్నగారి పేరు మీద. పైఅంతస్తు 2023లో అద్దెకిచ్చాం. అద్దె 14,000, మెయింటెనెన్స్ 1,000, తర్వాతి నెల 5వ తేదీలోపు ఇవ్వాలి. అగ్రిమెంటు 11 నెలలది, రిన్యూ చేయలేదు, రిజిస్టర్ కూడా చేయలేదు. ఈ మే నుంచి సరిగా కట్టడం లేదు. ఫోన్‌పేలో జూన్ 7న 10,000 (మే రెంట్ అని రాశాడు), ఆగస్టు 9న 14,000 (జూలై రెంట్ అని), సెప్టెంబరు 20న 6,000 (ఏమీ రాయలేదు) వేశాడు, అంతే. అడిగితే అడ్వాన్స్ 28,000లో కోసుకోండి అంటున్నాడు. ఆరు నెలలకు 90,000 కట్టమని నోటీసు ఇద్దామనుకుంటున్నాం. లాయర్ తప్పనిసరా? కట్టకపోతే నీళ్ల మోటారు ఆపేయొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

ముందు ఆ 90,000 అనే అంకె పక్కన పెట్టండి. మీకు రావాల్సింది 60,000. ఆయన 30,000 ఇచ్చాడని మీరే రాశారు కదా.

అద్దె కేసులు చూసే వకీలు ఆఫీసులో ఇరవై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేశాను. నోటీసులు టైపు చేసింది, పోస్టు చేసింది, తిరిగొచ్చిన కవర్లు ఫైల్లో పెట్టింది నేనే. గట్టిగా రాయలేదని నోటీసు పాడవడం నేను పెద్దగా చూడలేదు, లెక్క తప్పి పాడైనవే ఎక్కువ. ఒక ఓనరు గారు "ఆరు నెలలుగా ఒక్క పైసా ఇవ్వలేదు" అని తనే నోటీసు రాసి పంపాడు. అద్దెకున్నాయన కోర్టుకు బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చి అందులో రెండు ఎంట్రీలు చూపించాడు. బాకీ ఉన్న మాట నిజమే. కానీ ఆ రోజు నుంచి కేసంతా "ఓనరు అబద్ధం రాశాడు" అన్న మాట చుట్టూనే తిరిగింది. ఎక్కువ అంకె వేసినంత మాత్రాన నోటీసు చెల్లకుండా పోదు గానీ, బాకీదారుకు మాట్లాడే అవకాశం మనమే ఇచ్చినట్టవుతుంది.

కాబట్టి మొదట లెక్క. మూడుసార్లు వచ్చిన డబ్బును ఏ నెలకు జమ కట్టాలన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు తేల్చుకునే విషయం కాదు. కాంట్రాక్టు చట్టంలో 59 నుంచి 61 వరకు మూడు సెక్షన్లు దీని కోసమే ఉన్నాయి. డబ్బు ఇచ్చేవాడు ఇది ఫలానా బాకీకి అని చెప్పి ఇస్తే, మీరు తీసుకుంటే, ఆ బాకీకే జమ కట్టాలి. ఏమీ చెప్పకుండా, సందర్భాన్ని బట్టి కూడా తెలియకుండా ఇస్తే దేనికి జమ కట్టాలో పుచ్చుకున్నవాడు నిర్ణయించుకోవచ్చు. ఇద్దరూ ఏమీ చెప్పకపోతే పాత బాకీ నుంచి వరసగా తీరుతుంది.

మీ విషయంలో జూన్ 7 నాటి 10,000 మే నెలకే పోతుంది, ఆయన అలా రాశాడు కాబట్టి. మే బాకీ 4,000 మిగిలింది. ఆగస్టు 9 నాటి 14,000 జూలైకి పోవాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. పాత బాకీ ఉంది కదా అని దాన్ని మే, జూన్‌లకు సర్దేసి, జూలై బాకీ అని నోటీసులో రాస్తారు. ఆయన ఫోన్ తీసి "జూలై రెంట్" అన్న నోట్ చూపిస్తే మీ పట్టిక మొత్తం మీద అనుమానం వస్తుంది. జూలై తీరిపోయింది, జూన్ మాత్రం అలాగే ఉంది. చూడటానికి వింతగా ఉన్నా అదే సరైన లెక్క.

ఇక సెప్టెంబరు 20 నాటి 6,000కు పేరు లేదు. దాన్ని ఎక్కడ జమ కట్టాలో మీరు చెప్పొచ్చు, ఆ మాట చెప్పడానికి నోటీసే సరైన చోటు. నా సలహా, పాతదాని నుంచే మొదలుపెట్టండి. మేలో మిగిలిన 4,000 తీరుతుంది, ఇంకో 2,000 జూన్‌కు వెళ్తుంది. మెయింటెనెన్స్‌కు జమ కట్టినా మొత్తం బాకీ మారదు, కానీ పాతది ముందు తీర్చడం ఎవరు చూసినా న్యాయంగా కనిపిస్తుంది.

అలా చూస్తే మే తీరింది. జూన్‌లో 12,000 బాకీ. జూలై తీరింది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు మూడు నెలలూ పూర్తిగా, అంటే 42,000. అద్దె బాకీ 54,000. ఆరు నెలల మెయింటెనెన్స్ ఒక్కసారీ రాలేదు, అది 6,000. మొత్తం 60,000. ఎదురు లెక్క వేసి చూసుకోండి: ఆరు పదిహేనులు తొంభై, వచ్చింది ముప్పై, మిగిలింది అరవై. రెండు దారుల్లోనూ ఒకే అంకె వచ్చేదాకా కాగితం మీద పెన్ను పెట్టొద్దు. మెయింటెనెన్స్‌ను అద్దెలో కలిపేయకుండా వేరే వరసలో చూపించండి. నీళ్లు రాలేదనో, మెట్లు ఊడవలేదనో ఆయన గొడవ పెడితే ఆ 6,000 మీదే పెడతాడు, 54,000 జోలికి రాలేడు.

నవంబరు అద్దె ఇందులో కలపొద్దు. అది డిసెంబరు 5న గానీ బాకీ కాదు.

అగ్రిమెంటు సంగతి. మన రెండు రాష్ట్రాల్లో 1999 సవరణ తర్వాత 11 నెలల లీజుకైనా రిజిస్ట్రేషన్ కావాలి. "11 నెలలైతే అక్కర్లేదు" అన్నది వేరే రాష్ట్రాల మాట, ఇక్కడ అందరూ అదే నమ్ముతుంటారు. మీ అగ్రిమెంటు రిజిస్టర్ కాలేదు కాబట్టి అందులోని షరతుల మీదే పూర్తిగా ఆధారపడకండి. మీకు అంతకన్నా మంచి సాక్ష్యం ఉంది. ఆగస్టు 9న ఆయనే "జూలై రెంట్" అని రాసి సరిగ్గా 14,000 వేశాడు. నెల అద్దె ఎంతో ఆయన చేత్తోనే ఒప్పుకున్నట్టు. ఆ ఎంట్రీ స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకుండా, బ్యాంకు నుంచి ముద్ర వేసిన స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి.

అడ్వాన్స్‌లో కోసుకోమనడం మామూలే, ప్రతి బాకీదారూ అనే మాట. అడ్వాన్స్ ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇచ్చే డబ్బు. రంగులు, కరెంటు బిల్లు, విరిగిన కుళాయి, ఇవన్నీ చూసుకున్నాక లెక్క తేలుతుంది. ఇప్పుడే కోసేస్తే రేపు తాళం చెవి ఇచ్చే రోజు మీ చేతిలో ఏమీ ఉండదు. అయితే నోటీసులో దాన్ని దాచకండి. 28,000 మా దగ్గర ఉంది, ఖాళీ చేసేటప్పుడు లెక్క చూస్తాం, ఇప్పటి బాకీకి సర్దుబాటు చేయడానికి ఒప్పుకోవడం లేదు అని ఒక వాక్యం రాయండి.

లాయర్ తప్పనిసరి కాదు. ఇంటి యజమాని సంతకంతో తెలుగులో రాసిన నోటీసు చెల్లుతుంది. కానీ సంతకం నాన్నగారిదే ఉండాలి. ఇల్లు ఆయన పేరు మీద ఉంది, మీరు కొడుకో కూతురో అయినంత మాత్రాన మీ పేరున పంపడం అనవసరపు చిక్కు. అగ్రిమెంటులో అద్దెకున్న భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టి ఉంటే ఇద్దరి పేర్లూ రాయండి.

ఇలా రాయొచ్చు. ఖాళీలు మీరు నింపుకోండి:

స్పీడ్ పోస్టు ద్వారా

హైదరాబాద్, 12-11-2025

పంపేవారు: (నాన్నగారి పూర్తి పేరు, తండ్రి పేరు, చిరునామా)
అందుకునేవారు: (అద్దెకున్నవారి పూర్తి పేరు, ఇంటి నంబరు, మొదటి అంతస్తు)

విషయం: అద్దె, మెయింటెనెన్స్ బాకీ రూ.60,000 చెల్లించవలసిందిగా డిమాండ్ నోటీసు.

అయ్యా,

పై చిరునామాలోని మొదటి అంతస్తులో మీరు 2023 నుంచి నా అద్దెదారుగా ఉన్నారు. నెల అద్దె రూ.14,000, మెయింటెనెన్స్ రూ.1,000. ఏ నెలది ఆ తర్వాతి నెల 5వ తేదీలోపు చెల్లించాలి.

మే 2025 నుంచి అక్టోబరు 2025 వరకు మీ లెక్క ఇది:

మే: అద్దె 14,000. జమ 10,000 (జూన్ 7), 4,000 (సెప్టెంబరు 20 నాటి 6,000లోంచి). బాకీ లేదు.
జూన్: అద్దె 14,000. జమ 2,000 (సెప్టెంబరు 20 నాటి 6,000లో మిగిలినది). బాకీ 12,000.
జూలై: అద్దె 14,000. జమ 14,000 (ఆగస్టు 9). బాకీ లేదు.
ఆగస్టు: అద్దె 14,000. జమ లేదు. బాకీ 14,000.
సెప్టెంబరు: అద్దె 14,000. జమ లేదు. బాకీ 14,000.
అక్టోబరు: అద్దె 14,000. జమ లేదు. బాకీ 14,000.
అద్దె బాకీ: రూ.54,000.
మే నుంచి అక్టోబరు వరకు మెయింటెనెన్స్, నెలకు 1,000 చొప్పున: రూ.6,000.
మొత్తం: రూ.60,000 (అక్షరాలా అరవై వేల రూపాయలు).

సెప్టెంబరు 20న మీరు ఏ నెలకో చెప్పకుండా పంపిన రూ.6,000ను పైన చూపినట్టు పాత బాకీకి జమ కట్టాను. మీరిచ్చిన అడ్వాన్స్ రూ.28,000 నా దగ్గర ఉంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దాని లెక్క చూస్తాను. దాన్ని ఇప్పటి బాకీకి సర్దుబాటు చేయడానికి నేను ఒప్పుకోవడం లేదు.

పై మొత్తాన్ని 2025 డిసెంబరు 1, సోమవారం సాయంత్రం 5 గంటలలోపు (బ్యాంకు ఖాతా వివరాలు) ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాను. ఆ తేదీలోపు చెల్లించకపోతే, ఆ తేదీ నుంచి చట్టం అనుమతించే వడ్డీ కోరతాను. బాకీ వసూలుకూ, ఇల్లు ఖాళీ చేయించడానికీ చట్టప్రకారం చర్య తీసుకుంటాను. దాని ఖర్చులకు మీరే బాధ్యులు. పై లెక్కలో తప్పు ఉందనుకుంటే, చెల్లించిన రుజువుతో అదే తేదీలోపు రాతపూర్వకంగా తెలియజేయండి. నవంబరు అద్దె మామూలుగానే డిసెంబరు 5లోపు ఇవ్వాలి.

(సంతకం)

అంతే. ఒక పేజీ, మహా అయితే పేజీన్నర.

ఆఖరు తేదీ గురించి రెండు మాటలు. "వెంటనే", "వారంలోగా" అని రాయొద్దు. వారం ఎప్పటి నుంచి? మీరు రాసిన రోజా, ఆయనకు అందిన రోజా? కేలండరు తేదీ, అది ఏ వారమో రెండూ రాయండి. నవంబరు 30 ఆదివారం పడింది, అందుకే 1 సోమవారం అన్నాను. బ్యాంకు సెలవనే సాకు ఉండదు. 12న పోస్టు చేస్తే ఊళ్లోనే కాబట్టి ఒకటి రెండు రోజుల్లో చేరుతుంది, ఆయనకు రెండు వారాలకు పైగా టైమ్ ఉంటుంది.

వడ్డీ 24 శాతం అని రాయాలని చాలామందికి సరదా. అగ్రిమెంటులో వడ్డీ మాట లేనప్పుడు మీ ఇష్టం వచ్చిన రేటు రాదు. 1978 వడ్డీ చట్టం ప్రకారం, వడ్డీ అడుగుతానని నోటీసులో చెప్పిన తేదీ నుంచి కోర్టు ఇవ్వొచ్చు. అందుకే అందులో రేటు రాయకుండా తేదీ రాశాను.

ఇల్లు ఖాళీ చేయమని ఈ నోటీసులోనే ఎందుకు రాయలేదని అడుగుతారు. కావాలనే. కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలను 2005 సవరణ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నుంచి తప్పించింది. కాబట్టి మీది ఆస్తి బదిలీ చట్టం కిందకు వస్తుంది. 11 నెలలు అయిపోయాక కూడా ఆయన ఉంటూ, మీరు అద్దె తీసుకుంటూ వచ్చారు గనక అది నెలనెలా అద్దె కింద లెక్క. దాన్ని ముగించాలంటే సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి, ఆ 15 రోజులు ఆయనకు అందిన రోజు నుంచి లెక్క. అది వేరే నోటీసుగా, ఇది ఫలించకపోతే ఇవ్వండి. రెండూ కలిపి ఇచ్చారనుకోండి, ఆయన ఆఖరు రోజున 60,000 కట్టేశాడనుకోండి, మీరు తీసుకున్నారనుకోండి. అద్దె తీసుకున్నారు కాబట్టి ఖాళీ చేయమన్న నోటీసు వదులుకున్నట్టే అని ఆయన లాయర్ సెక్షన్ 113 చదువుతాడు. నిలుస్తుందా లేదా తర్వాత సంగతి, ఒక ఏడాది మాత్రం దాని మీద పోతుంది. ఆ రెండో నోటీసు మాత్రం లాయర్ చేత రాయించండి. అది ఇచ్చాక వచ్చే డబ్బుకు "అద్దె" అని రశీదు రాయకూడదు, "వాడుకకు నష్టపరిహారం" అని రాయాలి, ఇలాంటి చిన్న చిన్న విషయాలు చాలా ఉంటాయి.

పోస్టు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్లో స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు కావాలని అడగండి. కవరు మీద చిరునామాలో అంతస్తు, ఫ్లాట్ నంబరు, పిన్‌కోడ్ తప్పకుండా ఉండాలి. సరైన చిరునామాకు రిజిస్ట్రేషన్‌తో వెళ్లిన ఉత్తరం అందినట్టే కోర్టు మొదట భావిస్తుంది, కాదని చూపించుకోవాల్సింది ఆయనే. అదే కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పంపండి, నీలం టిక్కులు పడితే మంచిదే. కానీ దాని మీదే ఆధారపడకండి.

కవరు "డోర్ లాక్" అనో "తీసుకోవడానికి నిరాకరించారు" అనో రాసి తిరిగి వస్తే, దాన్ని తెరవొద్దు. కొత్తలో నేను ఇలాంటి కవరు ఒకటి చింపేశాను, లోపల కాపీ సరిగ్గా ఉందో లేదో చూద్దామని. మా వకీలు గారు తల పట్టుకున్నారు. మూసి ఉన్న కవరు, దాని మీద పోస్ట్‌మన్ రాసిన మాట, తేదీ, ఇవే సాక్ష్యం. జడ్జి ముందు తెరవాల్సిన కవరది. అలా తిరిగొస్తే ఇంకో కాపీ ఆ ఇంట్లో ఎవరికైనా పెద్దవాళ్లకు ఇవ్వండి, తీసుకోకపోతే ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్లు చూస్తుండగా తలుపుకు అంటించి, తలుపు, ఇంటి నంబరు రెండూ కనిపించేలా ఫొటో తీయండి.

నీళ్ల మోటారు జోలికి వెళ్లొద్దు. కరెంటు తీయడం, తాళం వేయడం, సామాను బయట పెట్టడం ఏదీ వద్దు. ఇప్పుడు తప్పు ఆయనది. మోటారు ఆపిన రోజు తప్పు మీది అవుతుంది, ముందు కోర్టుకెళ్లేది ఆయన అవుతాడు. చట్టప్రకారం కాకుండా ఇల్లు ఖాళీ చేయిస్తే ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి లోపలికి రావడానికి నిర్దిష్ట పరిహారాల చట్టంలోని 6వ సెక్షన్ వీలిస్తుంది. అద్దె బాకీ ఉన్నాడా లేదా అన్నది అక్కడ ఎవరూ అడగరు.

ఇక ఎక్కువగా జరిగేది చెబుతాను. నవంబరు 29న ఫోన్ చేస్తాడు, "అంకుల్, ఇరవై వేలు వేస్తున్నా, మిగతాది సంక్రాంతికి" అంటాడు. తీసుకోండి, వద్దనడంలో అర్థం లేదు. కానీ అదే రోజు నాన్నగారి నంబరు నుంచి ఒక మెసేజ్ పెట్టండి: "12-11-2025 నోటీసులోని బాకీ కింద 20,000 అందింది. జూన్ బాకీ 12,000, ఆగస్టు బాకీలో 8,000 తీరింది. మిగిలిన 40,000కు ఆఖరు తేదీ డిసెంబరు 1లో మార్పు లేదు." ఫోన్లో సరే అన్న గడువు రేపు "ఓనరే సంక్రాంతి దాకా టైమ్ ఇచ్చాడు" అవుతుంది. నిజంగానే టైమ్ ఇవ్వదలచుకుంటే ఇవ్వండి, మనిషి మంచివాడే అయితే తప్పు లేదు. కానీ అదీ రాతలోనే, కొత్త తేదీతో, 40,000 అంకెతో, కింద ఆయన సంతకంతో.

డిసెంబరు 2 ఉదయం బ్యాంకు ఖాతా చూసి ఒక స్టేట్‌మెంట్ తీసుకోండి. నోటీసు కాపీ, పోస్టు రశీదు, డెలివరీ రుజువు, ఆ స్టేట్‌మెంట్, ఈ నాలుగూ ఒక ఫైల్లో పెట్టి లాయర్ దగ్గరకు తీసుకెళ్తే రెండో నోటీసు అదే రోజు వెళ్లిపోతుంది. పోస్టు రశీదు థర్మల్ కాగితం మీద ఉంటే కొన్నాళ్లకు అక్షరాలు చెరిగిపోతాయి. వచ్చిన రోజే జిరాక్స్ తీసి పెట్టుకోండి.